ఆర్ద్రీకరణ శక్తి ఒకటే తగ్గుతుంటే సల్ఫేట్లు ఒకలా, హైడ్రాక్సైడ్లు ఒకలా ఎందుకు?

ప్రశ్న: "గ్రూప్ 2లో కిందికి వెళ్లేకొద్దీ ఆర్ద్రీకరణ శక్తి తగ్గుతుంది కాబట్టి సల్ఫేట్లు కరగడం తగ్గుతుందని నోట్స్‌లో ఉంది. మరి హైడ్రాక్సైడ్లకు కూడా అదే అయాన్ కదా, వాటి ద్రావణీయత ఎందుకు పెరుగుతుంది? ఇంటర్ ఫస్టియర్, వైజాగ్."

జవాబు:

మీ నోట్స్‌లో ఉన్నది సగం కారణమే. కిందికి వెళ్తుంటే తగ్గేది ఆర్ద్రీకరణ శక్తి ఒక్కటే కాదు, స్ఫటికాన్ని పట్టి ఉంచే జాలక శక్తి కూడా తగ్గుతుంది. ఈ రెండింటిలో ఏది ఎక్కువ తగ్గిందన్న దాన్నిబట్టే ద్రావణీయత ఎటు పోతుందో తేలుతుంది. దాన్ని నిర్ణయించేది ఆనయాన్ సైజు.

జాలక శక్తి రెండు అయాన్ల కేంద్రాల మధ్య దూరం మీద ఆధారపడుతుంది. దూరం పెరిగితే పట్టు సడలుతుంది. మెగ్నీషియం అయాన్ వ్యాసార్ధం 72 పికోమీటర్లు, బేరియం అయాన్‌ది 135. సల్ఫేట్ అయాన్ చాలా పెద్దది, దాదాపు 258. పనసకాయ పక్కన నిమ్మకాయ పెట్టినా బత్తాయి పెట్టినా మధ్య దూరంలో పెద్ద మార్పు రానట్టే, ఇక్కడ దూరం 330 నుంచి 393కి పెరుగుతుంది. అంటే 19 శాతం. హైడ్రాక్సైడ్ అయాన్ చిన్నది, సుమారు 135. అక్కడ దూరం 207 నుంచి 270కి, అంటే 30 శాతం పెరుగుతుంది. కాబట్టి హైడ్రాక్సైడ్ జాలకం బాగా బలహీనపడుతుంది, సల్ఫేట్ జాలకం అంతగా పడదు.

ఇప్పుడు అసలు లెక్క. ఇది బోర్డు మీద వేసేదాకా మా పిల్లలెవరూ నమ్మరు. ప్రమాణ ఎంథాల్పీ పట్టికల నుంచి కడితే, మెగ్నీషియం నుంచి బేరియంకు వచ్చేసరికి అయాన్ ఆర్ద్రీకరణ శక్తి మోల్‌కు సుమారు 617 కిలోజౌళ్లు తగ్గుతుంది. ఆనయాన్ వాటా మారదు కాబట్టి దాన్ని పక్కన పెట్టేయొచ్చు. సల్ఫేట్ల జాలక శక్తి తగ్గేది 500 మాత్రమే. నీళ్లు ఇచ్చేది 617 తగ్గింది, స్ఫటికం అడిగేది 500 తగ్గింది, అంటే కరగడానికి 117 నష్టం. అందుకే నిర్జల మెగ్నీషియం సల్ఫేట్ కరిగితే 91 కిలోజౌళ్లు విడుదలవుతాయి, బేరియం సల్ఫేట్ కరగాలంటే 26 ఎదురు ఇవ్వాలి. హైడ్రాక్సైడ్లలో జాలక శక్తి 668 తగ్గుతుంది, 617 కంటే ఎక్కువ. అంటే 51 లాభం. మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌కు విడుదలయ్యేది 2 ఉంటే, బేరియం హైడ్రాక్సైడ్‌కు 53.

ఫలితం: 100 మి.లీ. నీటిలో మెగ్నీషియం సల్ఫేట్ 35 గ్రాముల దాకా కరుగుతుంది, బేరియం సల్ఫేట్ పావు మిల్లీగ్రాము. హైడ్రాక్సైడ్లలో బేరియంది 4 గ్రాములకు దగ్గర, మెగ్నీషియంది ఒక మిల్లీగ్రాము అటూ ఇటూ.

వైజాగ్‌లో ఉన్నారు కాబట్టి దీన్ని కళ్లారా చూడటం తేలిక. నేను ఇంటర్ కెమిస్ట్రీ చెబుతాను, ఆర్కే బీచ్ నుంచి ఒక సీసా సముద్రపు నీళ్లు తెప్పించి ల్యాబ్‌లో వడకట్టి ఈ చాప్టర్ మొదలుపెడతాను. అందులో లీటరుకు సుమారు 1.3 గ్రాముల మెగ్నీషియం, 2.7 గ్రాముల సల్ఫేట్ కలిసే ఉంటాయి, ఏ గొడవా లేకుండా. ఒక టెస్ట్‌ట్యూబ్‌లో అంతే సున్నపు తేట పోస్తే తెల్లగా, జిగురు జిగురుగా ఒక మబ్బు కడుతుంది, కిందికి దిగడానికి చాలాసేపు తీసుకుంటుంది. అది ఎక్కువగా మెగ్నీషియం హైడ్రాక్సైడ్. సున్నం తెచ్చిన హైడ్రాక్సైడ్‌ను కాల్షియం వదిలేసింది, మెగ్నీషియం పట్టుకుంది. సముద్రపు నీటి నుంచి మెగ్నీషియం తీసే పరిశ్రమలు కూడా ఈ తేడా మీదే నడుస్తాయి. రెండో ట్యూబ్‌లో రెండు చుక్కలు సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి, తర్వాత బేరియం క్లోరైడ్ వేస్తే వెంటనే సన్నని బరువైన తెల్లపొడి. అది బేరియం సల్ఫేట్. బేరియం క్లోరైడ్ విషం, ఇంట్లో మాత్రం వద్దు.

ఆమ్లం ముందే వేయడానికి కారణముంది. కార్బోనేట్ ఉంటే బేరియం కార్బోనేట్ కూడా తెల్లగానే పడుతుంది, దాన్ని సల్ఫేట్ అనుకుంటాం. మొదటి ట్యూబ్‌లో ఆమ్లం పోస్తే మబ్బు విడిపోతుంది, రెండో దాంట్లో ఎంత పోసినా కదలదు. పాత సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో బేరియం లవణానికి పరీక్ష చేసినప్పుడు మసక వస్తే "బేరియం హైడ్రాక్సైడ్ కరగలేదు" అని రాసేయకండి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో అందులో కార్బోనేట్ చేరి ఉంటుంది. ఆమ్లం వేస్తే మసక పోతుంది.

ఒక జాగ్రత్త. ఈ శక్తుల లెక్క గ్రూపులో ధోరణి ఎటో చెబుతుంది, ఒక్కో లవణం ఎంత కరుగుతుందో చెప్పదు. కాల్షియం సల్ఫేట్ కరిగితే 18 కిలోజౌళ్ల దాకా విడుదలవుతాయి, అయినా 100 మి.లీ.లో పావు గ్రాము కూడా కరగదు. రెండు ఆవేశాలున్న అయాన్లు చుట్టూ నీటి అణువులను కదలనీయకుండా వరుసలో పెట్టేస్తాయి, ఎంట్రోపీ పడిపోతుంది. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఆ 2 విడుదల చేస్తూ కూడా కరగకపోవడం అందుకే. పరీక్షలో ఇంత అడగరు. జాలక శక్తి, ఆర్ద్రీకరణ శక్తి రెండూ రాసి, ఆనయాన్ సైజు ఒక లైన్‌లో చెబితే మార్కులు వచ్చేస్తాయి.