ఇన్సులిన్‌తో డల్లాస్ ప్రయాణం: ఒక విద్యార్థి సందేహానికి సమాధానం

గుంటూరుకు చెందిన ఒక విద్యార్థి ఆగస్టులో ఎం.ఎస్. చదువు కోసం శంషాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా డల్లాస్ వెళ్తున్నారు. చిన్నప్పటి నుంచి టైప్ 1 మధుమేహం ఉందని, రోజుకు నాలుగు ఇంజెక్షన్లు తీసుకుంటానని, చేతికి చక్కెర కొలిచే లిబ్రే సెన్సరు ఉంటుందని, మూడు నెలల మందు వెంట తెచ్చుకోవచ్చా అని అడిగారు. తెచ్చుకోవచ్చు. సొంత వాడకానికి 90 రోజులకు సరిపడా మందును డాక్టరు చీటీతో, అసలు పెట్టెల్లోనే తీసుకురావడం ఇక్కడ అమెరికాలో మామూలే. నియమాల పాఠం అధికారిక వెబ్‌సైట్లలో ఉంది, చదువుకున్నవారు కాబట్టి చూసుకోగలరు. అక్కడ ఎవరూ రాయనిది, దారిలో మందు పాడైతే మీకు ఎంత ఖర్చు అవుతుందన్నది.

నేను వచ్చిన కాలంలో పేరున్న బ్రాండు వేగ ఇన్సులిన్, అంటే భోజనానికి వేసుకునేది, ఒక్క సీసా ధర ఇక్కడ 275 డాలర్ల దగ్గర ఉండేది. 2023, 2024లలో తయారీ సంస్థలు ధరలను బాగా తగ్గించాయి, నిజమే. కానీ మీ విశ్వవిద్యాలయపు బీమా మొదలై, డాక్టరు అపాయింట్‌మెంటు దొరికి, ఆయన చీటీ రాసి, మందుల దుకాణం దాన్ని బీమాకు పంపేలోపు వారాలు గడిచిపోతాయి, డాక్టరును చూసిన రుసుము వేరే. అందుకే మీరు తెచ్చే ప్రతి ఇన్సులిన్ పెన్నునూ డాలర్ల కట్టగా భావించి మోసుకురండి.

మొదటి ప్రయాణంలో నేను తెలివి ఉపయోగించాననుకుని మందును రెండు భాగాలు చేశాను. ఒకటి పోయినా ఇంకొకటి మిగులుతుందని సగం చేతిసంచిలో, సగం చెక్-ఇన్ సూట్‌కేసులో, చీరల మధ్య భద్రంగా పెట్టాను. ఆ సూట్‌కేసు నాతో పాటు రాలేదు, తర్వాతెప్పుడో ఇంటికి చేరింది. తెరిచి చూస్తే పెన్నులు చెక్కుచెదరలేదు, మందు నీళ్లలా తేటగా ఉంది. సంతోషించి ఫ్రిజ్‌లో పెట్టాను. చేతిసంచిలోది అయిపోయి వీటిని మొదలుపెట్టాక అదే అన్నం, అదే మోతాదు, అయినా భోజనం తర్వాత చక్కెర 300 దగ్గర నిలబడి కిందికి రాదు. సూది మార్చాను, పొడిచే చోటు మార్చాను, పచ్చళ్లలో బెల్లం ఉందేమోనని ఇంట్లోవాళ్లతో వాదించాను. చివరికి డబ్బు పెట్టి ఇక్కడ ఒక పెన్ను కొని వేసుకుంటే అదే మోతాదుకు అంకె దిగివచ్చింది. అప్పుడు తేలింది, సూట్‌కేసులోనిదంతా చచ్చిన మందని. దారిలో గడ్డకట్టిందో, ఎండలో నిలబెట్టిన బండిలో ఉడికిందో నాకు తెలియదు. తెలిసినది ఇది: గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్ పనికిరాదు, తేటగా ఉండే రకాలలో ఆ సంగతి కంటికి కనబడకపోవచ్చు. పాలలా ఉండే రకమైతే కొన్నిసార్లు గాజు గోడకు తెల్లని పొరో, లోపల గడ్డలో కనబడతాయి. కాబట్టి ఇన్సులిన్ మొత్తం, సూదులు, మీటరు, స్ట్రిప్పులు, సెన్సర్లు మీతోనే సీటు దాకా రావాలి. బోర్డింగ్ దగ్గర చోటు లేదని క్యాబిన్ బ్యాగు తీసుకుని కిందికి పంపుతామంటారు కనుక, మందును ఆ బ్యాగులో కాకుండా కాళ్ల దగ్గర పెట్టుకునే చిన్న సంచిలో పెట్టండి.

చల్లదనం గురించి అతిగా ఆందోళన పడవద్దు. వాడకం మొదలుపెట్టిన దీర్ఘకాల ఇన్సులిన్ గ్లార్జిన్, వేగ ఇన్సులిన్ లిస్ప్రో పెన్నులు 30 డిగ్రీల లోపు 28 రోజులు బయట ఉండగలవు, తెరవనివి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఒకటిన్నర రోజు ప్రయాణానికి చిన్న కూల్ పౌచ్, అందులో ఒక జెల్ ప్యాక్ చాలు. కానీ ఫ్రీజర్‌లోంచి తీసిన జెల్ ప్యాక్‌ను పెన్నులకు ఆనించి పెడితే మీ చేతులతోనే గడ్డకట్టించినట్టు అవుతుంది, మధ్యలో తువాలు మడిచి పెట్టండి. విమానంలో ఫ్రిజ్‌లో పెట్టమని సిబ్బందికి ఇవ్వకండి. దిగేటప్పుడు వాళ్లూ మరచిపోతారు, మీరూ మరచిపోతారు.

ఎంత తేవాలన్న లెక్క ఇలా వేసుకోండి. మీరు రాసినదాని ప్రకారం దీర్ఘకాల ఇన్సులిన్ రోజుకు 20 యూనిట్లు, భోజనాలకు మూడు విడతల్లో వేగ ఇన్సులిన్ 20 యూనిట్లు. ప్రతి పొడుపుకు ముందు సూది సరిచూడటానికి 2 యూనిట్లు గాలిలోకి వదులుతారు, దాన్ని చాలామంది లెక్కలో పెట్టరు. దీర్ఘకాలానిది రోజుకు 22, వేగానిది 26 అవుతాయి. 90 రోజులకు 1,980, 2,340 యూనిట్లు. పెన్నుకు 300 యూనిట్లు కనుక ఒకటి 7, ఇంకొకటి 8. సూదులు 360. మీ ఊళ్లో ఎవరైనా ఖర్చు తగ్గుతుందని సీసాలు తీసుకెళ్లమంటే, ముందు సీసా మీద అక్షరాలు చూడండి. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసాలు సాధారణం, అమెరికా సీసా మిల్లీలీటరుకు 100 యూనిట్లది, రెండింటి సిరంజిలూ వేరు. మన ఎర్ర మూత సిరంజిలో ఇక్కడి మందును 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి పోయేది 50 యూనిట్లు. అది ప్రాణం మీదకు వస్తుంది. పెన్నులతో ఈ బెడద లేదు, పెన్నులే తెండి.

ఇక కాగితాలు. ఈ తరం పిల్లలు ఫోనులో ఫోటో చూపిస్తే సరిపోతుందనుకుంటారు. ఫోను చార్జింగు అయిపోతే ఏమి చూపిస్తారు? డాక్టరు లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో, టైపు చేసిన లేఖ తీసుకోండి. అందులో జబ్బు పేరు, మందుల రసాయన నామాలు, పెన్నులు, సూదులు, సెన్సర్లు ఎన్నో, ఇవి క్యాబిన్‌లోనే ఉండాలన్న వాక్యం, సంతకం, రిజిస్ట్రేషన్ సంఖ్య ఉండాలి. రసాయన నామాలు ఎందుకంటే మన దగ్గర అమ్మే కొన్ని బ్రాండ్ల పేర్లు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎవరూ విని ఉండరు. అంతకంటే పెద్ద చిక్కు మన ఇంటిపేర్లతో వస్తుంది. డాక్టరు చీటీలో "కె. సాయికిరణ్" అని ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విప్పి, సాయి ఒక పదంగా, కిరణ్ ఒక పదంగా ఉంటుంది. తనిఖీ చేసే అధికారి దృష్టిలో అవి ఇద్దరు మనుషుల పేర్లు. పాస్‌పోర్టు కాపీ డాక్టరు గారి ముందు పెట్టి, అక్షరం అక్షరం అలాగే రాయించుకోండి. అమెరికా మందుల దుకాణాల్లాగా మన దుకాణాలు పెట్టె మీద రోగి పేరు అతికించవు కాబట్టి, అట్ట పెట్టెలు పారేయకుండా, మీ పేరుతో కంప్యూటర్ బిల్లు అడిగి తీసుకుని వాటితోనే ఉంచండి.

సెన్సరు సంగతి జాగ్రత్తగా వినండి, ఎందుకంటే ఇక్కడే డబ్బు వృథా అయ్యేది. విమానాశ్రయంలో మనిషిని పరీక్షించే యంత్రాలు ముఖ్యంగా రెండు రకాలు. ఆగకుండా నడిచి వెళ్లే తలుపు చట్రం లాంటిది మెటల్ డిటెక్టర్, లిబ్రే సెన్సరుతో దాంట్లోంచి వెళ్లవచ్చు. గాజు గది లాంటి దాంట్లో నిలబెట్టి రెండు చేతులు పైకెత్తమంటే అది బాడీ స్కానర్. దాని ప్రభావాన్ని పరీక్షించలేదని, సెన్సరు పాడుకావచ్చని లేదా తప్పు అంకెలు చూపవచ్చని లిబ్రే వెంట వచ్చే పుస్తకమే హెచ్చరిస్తుంది. వేరే కంపెనీ సెన్సరుకు, పంపుకు నియమం వేరుగా ఉంటుంది, దాని పుస్తకం చూడాలి. మన విమానాశ్రయాల్లో ఎక్కువగా తలుపు చట్రం, చేతి డిటెక్టరే కనుక శంషాబాద్‌లో మీకు సమస్య తోచకపోవచ్చు. మధ్యలో దిగేచోట ధైర్యంగా వరుసలో నడిచి గాజు గదిలోకి వెళ్లిపోతారు. నేను అలాగే వెళ్లాను. వెనకాల జనం ఉన్నారని మొహమాటపడ్డాను. ఆ సాయంత్రం సెన్సరు రీడింగు ఇవ్వడం మానేసింది. స్కానర్ వల్లనేనని రుజువు చేయలేను, కానీ ఇంకా చాలా రోజులు పనిచేయవలసినదాన్ని పీకి పారేశాను, ఆ డబ్బు నాదే.

గాజు గది కనబడగానే, అడుగు పెట్టకముందే చేయి చూపించి, "ఐ యామ్ వేరింగ్ ఎ మెడికల్ డివైస్, ఐ వుడ్ లైక్ ఎ ప్యాట్ డౌన్ ఇన్‌స్టెడ్" అనండి. పక్కకు తీసుకెళ్లి చేతులతో తడిమి చూస్తారు, సెన్సరును మిమ్మల్నే ముట్టుకోమని, తర్వాత మీ అరచేతిని చిన్న గుడ్డ ముక్కతో తుడిచి యంత్రంలో పెడతారు. గ్లిసరిన్ ఉన్న క్రీము చేతులకు రాసుకుని ఉంటే ఆ యంత్రం అనవసరంగా మోగవచ్చు, ఆ రోజు మానేయండి. వాడని సెన్సర్లను బ్యాగుల ఎక్స్‌రేలో పెట్టకుండా చేత్తో చూడమని అడగవచ్చు, వాటిని పారదర్శకపు సంచిలో విడిగా పెట్టుకుంటే వాళ్లూ విసుక్కోరు. మీటరు, స్ట్రిప్పులు, ఇన్సులిన్ ఎక్స్‌రేలో మామూలుగా వెళ్లవచ్చు. కనెక్షన్ విమానానికి గంటన్నర మాత్రమే ఉండే టికెట్టు నాలుగు వేలు తక్కువని కొనకండి, ఈ తనిఖీకి సమయం పడుతుంది. విమానంలో ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టాక, సెన్సరు బ్లూటూత్‌తో పనిచేసేదైతే బ్లూటూత్‌ను మళ్లీ ఆన్ చేయండి. మీటరు మాత్రం చేతికందేలా ఉండాలి, సెన్సరు అంకెకూ ఒంటి లక్షణాలకూ పొంతన లేకపోతే వేలి రక్తాన్నే నమ్మండి.

విమానంలో ట్రాలీ చక్రాల చప్పుడు వినగానే వేగ ఇన్సులిన్ వేసుకోవద్దు. కుదుపులు వచ్చి వడ్డన ఆగిపోతే మందు ఆగదు. పళ్లెం మీ బల్ల మీదకు వచ్చి, మూత తీసి, అందులో ఏముందో చూశాక వేసుకోండి. డయాబెటిక్ భోజనం ముందుగా కోరుకోవడం నాకు నచ్చదు, పిండిపదార్థం అంతంతమాత్రంగా ఉండి మీ మోతాదుకు సరిపోకపోవచ్చు. మామూలు శాకాహార భోజనం తీసుకుని దానికి లెక్క వేసుకోవడం మేలు.

లో షుగర్‌కు గ్లూకోజ్ బిళ్లలు జేబులో ఉండాలి. 70 కన్నా తగ్గితే 15 గ్రాములు చప్పరించి, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. అమ్మ డబ్బా నిండా గ్లూకోజ్ పొడి పెట్టిస్తుంది, అమెరికా విమానాల్లో 350 మిల్లీలీటర్లకు మించిన పొడులను క్యాబిన్‌లోకి రానివ్వకపోవచ్చు. కందిపొడికీ, సత్తుపిండికీ ఇదే వర్తిస్తుంది, అవి సూట్‌కేసులో వేయండి. చిన్న పెట్టె పండ్లరసం వైద్య అవసరమని ముందే చెప్పి విడిగా చూపిస్తే అనుమతిస్తారు, పెరుగన్నం మాత్రం వాదనకు దారితీస్తుంది. వేరుశనగ చిక్కీ, బిస్కెట్లు, వేయించిన శనగలు ఏ ఇబ్బందీ లేకుండా భద్రతా తనిఖీ దాటుతాయి, చిక్కీ నెమ్మదిగా ఎక్కుతుంది కాబట్టి లో షుగర్‌కు అది మొదటి మందు కాదు, తర్వాత తినేది. అరటిపండ్లు డల్లాస్‌లో దిగేలోపు విమానంలోనే తినేయండి. కస్టమ్స్ దగ్గర ఆహారం ఉందా అని అడిగితే ఉందనే చెప్పి ఏమున్నాయో వివరించండి. లేదని చెప్పాక సంచిలో అరటిపండు దొరికితే జరిమానా పడుతుంది, ఆ డబ్బుతో మీ సూదుల ఖర్చు చాలా కాలం గడుస్తుంది.