‘రేపు రాను’ అంటే మొండితనమా?

సందేహం: మా ఇంట్లో పనిచేసే ఆమె రాత్రి వాట్సాప్‌లో ‘అమ్మా రేపు రాను’ అని మాత్రం పంపింది. ‘రాలేను’ అనాల్సిన చోట ‘రాను’ అనడం మర్యాదేనా? నేను ‘సరే’ అని జవాబిస్తే అది కటువుగా ఉందని మా అమ్మాయి అంటోంది. ఇలాంటప్పుడు ఎలా రాయాలి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: ‘రాను’ అనే మాటలో మొండితనం లేదు. ‘వస్తాను’ అనే క్రియకు అది వ్యతిరేక రూపం, అంతే. రాను, రావు, రాడు, రాదు, రాము, రారు అనే ఈ వరుసకు పాత తెలుగులో కాలంతో పనే ఉండేది కాదు. ‘రాడు’ అంటే రాలేదనీ, రావడం లేదనీ, రాబోడనీ సందర్భాన్ని బట్టి అర్థం చేసుకునేవారు. ఇప్పటి వాడుకలో జరిగిపోయినదానికి ‘రాలేదు’ స్థిరపడడంతో, ‘రాను’ రాబోయే కాలానికీ అలవాటుకూ మిగిలింది. ‘రేపు వస్తాను’ అంటే అందులో మనకు గర్వం వినిపించదు కదా, ‘రేపు రాను’ కూడా అదే కొలతలో చెప్పిన కబురు.

మరి మీ చెవికి అది తిరస్కారంలా ఎందుకు తగిలిందంటే, ఆ మాట మనం ఎక్కువగా జవాబు స్థానంలో వింటాం కాబట్టి. ‘రేపు కొంచెం పెందలాడే రా’ అని మీరు అడిగితే, దానికి ‘రాను’ అని ఆమె అంటే అది నిరాకరణే. ఎవరూ అడగకముందే, తానుగా, ముందురోజు రాత్రే పంపితే అదే మాట సమాచారం అవుతుంది. ‘రాలేను’లో అశక్తత ఉంది, రావాలని ఉన్నా ఏదో అడ్డుపడిందని అది చెబుతుంది, అందుకే దాని వెంట కారణం కూడా వస్తుందని వినేవాళ్లు ఎదురుచూస్తారు. కారణం చెప్పడం ఇష్టంలేని మనిషికి ‘రాను’ అనేదే నిజాయతీగల మాట. పైగా ఆమె మర్యాదను క్రియలో వెతకనక్కరలేదు, అది ముందున్న ‘అమ్మా’లోనే ఉంది. మన చిత్తూరు వైపు నోటిమాటలో ఆ పిలుపు క్రియకే అతుక్కుని ‘రేపు రాన్మా’ అవుతుంది. అది విన్న ఏ ఇల్లాలూ తప్పుపట్టదు. ‘దయచేసి’ అనేది ఇంట్లో మాట్లాడుకునే తెలుగు కాదు, గోడమీద రాసే తెలుగు; అది లేదని బాధపడనవసరం లేదు.

అర్థం తెలుసుకోవడానికి మీరు అసలు చూడవలసింది ‘రేపు’ అనే మాటను. ‘రేపు రాను’ అంటే ఒక్కరోజు లేకపోవడం, ‘రేపట్నించి రాను’ అంటే పని మానేయడం. తొందరలో పంపే మెసేజీలో ఈ ‘నించి’ పడిందా లేదా అన్నది ఒకటికి రెండుసార్లు చూడాలి. ‘రెండు దినాలు రాను’ అన్నప్పుడు ఇంకో చిక్కు ఉంది. ఆ రెండు లెక్క ప్రకారం రెండు కావచ్చు, ‘నాలుగు మాటలు’ అన్నట్టు ఉజ్జాయింపుగా కొన్ని రోజులూ కావచ్చు. ‘అట్లయితే శుక్రవారం వస్తావా అక్కా?’ అని రోజు పేరు పెట్టి అడిగితే ఇద్దరికీ తేలిపోతుంది.

ఇక ‘సరే’ సంగతి. మీ అమ్మాయి అన్నది సగం నిజం. నోటితో అనేటప్పుడు ‘సరే’ను రాగం కాపాడుతుంది, తెరమీద ఆ రాగం ఉండదు కనుక ఒంటరి ‘సరే’ తలుపు వేసినట్టుంటుంది. ‘సర్లే’ అయితే మరీ విసుగు. ఆమె ‘అమ్మా’ అని పిలిచింది కాబట్టి మీరూ ఒక పిలుపు తిరిగి ఇవ్వండి, చాలు: ‘సరే అక్కా’, ‘అట్లే అక్కా’. ఈ రెంటిలో నాకు ‘అట్లే’ మేలనిపిస్తుంది, ఎందుకంటే ‘సరే’ మన ఒప్పుదలను చెబితే, ‘అట్లే’ ఎదుటివారు చెప్పినట్టే కానిమ్మంటుంది. ఆమె వయసులో పెద్దదైతే ‘అక్కా’తో కలిసిన ఏకవచనం మన సీమలో అగౌరవం కాదు. దానికి భయపడి ‘ఎప్పుడు రాగలరో తెలియజేయగలరు’ అని రాస్తే అది ఆఫీసు నోటీసులా ఉంటుంది, చదివిన మనిషి తానేం తప్పు చేశానో అని కంగారుపడుతుంది.

బాగోగులు అడగదలిస్తే ‘ఎందుకు?’ అనకుండా ‘ఏమైంది?’ అనండి. ‘ఎందుకు రావు?’ అంటే సంజాయిషీ కోరినట్టు, ‘ఏమైంది అక్కా, ఒళ్లు బాగుండాదా?’ అంటే మనిషిని పలకరించినట్టు. ‘మళ్లీనా?’లో ఆ చివరి ‘ఆ’ ఒక్కటే పాత లెక్కలన్నీ తవ్వుతుంది. ‘సెలవు ఇస్తున్నాను’ అని కూడా రాయకండి. సెలవు అంటే మొదట అనుమతి, ఆమె అనుమతి అడగలేదు, సంగతి చెప్పింది. జీతంలో పట్టుకునే మాట ఏదైనా ఉంటే అది నెలాఖరున ఎదురుగా మాట్లాడుకునేది.

అన్నిటికంటే ఎక్కువ పొరపాటు జరిగేది ప్రత్యామ్నాయం చెప్పేచోట. దానికి మా వీధిలోనే జరిగిన ఒక ఉదంతం చెబుతాను. మే నెలలో గంగమ్మ జాతర ముందు వేరే ఊరినుంచి బదిలీమీద వచ్చిన ఒక ఉద్యోగికి ఆయన డ్రైవరు ‘సార్ చాటింపేసినారు రేపు మద్రాసుకు రాలేను’ అని పంపాడు. చాటింపు పడ్డాక జాతర ముగిసేదాకా ఊరి పొలిమేర దాటకూడదన్నది ఇక్కడి పాతకాపుల ఆనవాయితీ. ఇక్కడ ‘రాలేను’ సరిగ్గా పడింది గమనించండి. బండి తోలడానికి అతనికి అభ్యంతరం లేదు, కట్టుబాటు అడ్డం వచ్చింది. ఆ ఉద్యోగికి చాటింపంటే ఏమిటో తెలియదు. ‘సరే, వేరే మనిషిని చూసుకుంటాను’ అని జవాబిచ్చాడు. ఆయన ఉద్దేశం ఆ ఒక్క ప్రయాణం గురించే. కానీ తెలుగులో ‘వేరే మనిషిని చూసుకుంటాను’ అంటే నిన్ను మానిపించానని. ‘వేరే ఇల్లు చూసుకో’ అన్నదానిలోనూ ఇదే ‘చూసుకో’. డ్రైవరు మర్నాడు పొద్దున్నే బండి తాళాలు తెచ్చి గేటు దగ్గర ఇచ్చి వెళ్లబోతే, అప్పుడు గానీ ఆయనకు తన వాక్యం ఏం చెప్పిందో తెలియలేదు.

ఆ వాక్యంలో లోపించింది ఒక్క ‘రేపటికి’. ‘అట్లే అన్నా. రేపటికి మాత్రం ఇంకో డ్రైవరును మాట్లాడుకుంటాను, జాతర అయినాక నువ్వే రావాల’ అని ఉంటే గొడవ లేదు. ‘చూసుకోవడం’ శాశ్వతం, ‘మాట్లాడుకోవడం’ ఆ పూటకు. ‘రేపటికి మాత్రం’ దానికి గట్టు కడుతుంది, ‘నువ్వే’లోని ‘ఏ’ అతని స్థానాన్ని అతనికే ఉంచుతుంది.

మీ విషయానికి వస్తే, ఆమె కారణం చెప్పలేదు, రోజు మాత్రం చెప్పింది. కాబట్టి ‘అట్లే అక్కా. ఎల్లుండి వీలవుతుందా, చెప్పు’ అని రాయండి. ‘ఎల్లుండి వస్తావు కదా?’ అన్నది కూడా తప్పు కాదు గానీ, ఆ ‘కదా’ జవాబును ముందే నిర్ణయించేస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఒళ్లు బాగాలేక ఆగిన మనిషి అయితే దానికి ‘వస్తాను’ అని అబద్ధమైనా చెప్పి ఊరుకుంటుంది, మీరు ఎల్లుండి పొద్దున అంట్లు పెట్టుకుని ఎదురుచూస్తూ కూర్చోవలసి వస్తుంది.