తొమ్మిదో తరగతికి మతాల గురించి పాఠం: ఉపవాసంతో మొదలుపెట్టండి

ప్రశ్న: జిల్లా పరిషత్ హైస్కూల్లో కొత్తగా చేరిన సోషల్ టీచర్‌ని. తొమ్మిదో తరగతికి మత వైవిధ్యం మీద పాఠం చెప్పాలి. ఏ మతాన్నీ పొగిడినట్టు ఉండకూడదు, తక్కువ చేసినట్టూ ఉండకూడదు. తల్లిదండ్రులు గొడవకు వస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. ఎలా ప్లాన్ చేసుకోవాలి?

జవాబు:

మొదటిసారి ఈ పాఠం చెప్పినప్పుడు నేనొక తప్పు చేశాను. అది రంజాన్ నెల. క్లాసులో ఒకే ఒక్క ముస్లిం అమ్మాయి ఉంది. "రోజా గురించి నువ్వే చెప్పమ్మా" అని నిలబెట్టాను. వెనక బెంచీ నుంచి ఒకడు "మరి మధ్యాహ్నం నువ్వు నీళ్లు తాగావుగా?" అన్నాడు. ఆ పిల్ల తల దించుకుంది. నెలసరి రోజుల్లో ఆడవాళ్లకు రోజా ఉండదు, ఆ రోజులను తర్వాత పూర్తి చేసుకుంటారు. నలభై మంది ముందు ఆ మాట ఎలా చెబుతుంది? ఆమెను నిలబెట్టడమే నా తప్పు. అప్పటినుంచి ఏ పిల్లనీ, ఏ పిల్లాడినీ వాళ్ల మతం తరఫున మాట్లాడమని అడగను. "మీ ఇంట్లో ఏం చేస్తారు?" అని కూడా అడగను. వాళ్లంతట వాళ్లు చెబితే వింటాను, అంతే.

మతాలన్నిటినీ ఒక్కొక్కటిగా వరసపెట్టి చెప్పకండి. స్థాపకుడు, గ్రంథం, పండుగ అని పట్టిక వేస్తే పిల్లలు బట్టీ పడతారు గానీ మనుషులు కనిపించరు. ఒకే పని తీసుకుని దాన్ని వేర్వేరు వాళ్లు ఎలా చేస్తారో చూపించండి. నేను ఉపవాసం తీసుకుంటాను. దానికి రెండు పీరియడ్లు కావాలి.

మొదటి పీరియడ్‌ను మతంతో మొదలుపెట్టను. "మనిషి కావాలని అన్నం మానేసే సందర్భాలు చెప్పండి" అంటాను. రక్తపరీక్ష, అలక, నిరాహార దీక్ష అని వాళ్లే చెబుతారు. పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న ఆంధ్ర రాష్ట్రం కోసం దీక్ష మొదలుపెట్టి, 58 రోజుల తర్వాత డిసెంబరు 15న చనిపోయిన సంగతి అక్కడ చెబుతాను. తిండి మానేయడం వెనక ఎన్నో కారణాలుంటాయని అప్పటికి పిల్లలకు తెలుస్తుంది. ఆ తర్వాత మత ఉపవాసం గురించి చెబితే వాళ్లకు వింతగా అనిపించదు.

తర్వాత నాలుగు కార్డులు ఇస్తాను: ఏకాదశి, రోజా, క్రైస్తవుల ఉపవాసం, సిక్కుల పద్ధతి. ఒక్కో కార్డులో ఏడెనిమిది వాక్యాలే ఉంటాయి. ప్రతి గుంపూ మూడు ప్రశ్నలకు జవాబు రాయాలి: ఏం మానేస్తారు? ఎంతసేపు? ఎందుకని వాళ్లు చెబుతారు? మూడో ప్రశ్నలో "వాళ్లు చెబుతారు" అన్న మాట ముఖ్యం.

కార్డుల్లో తేడాలు తప్పకుండా రాయండి. ఏకాదశికి నీళ్లు కూడా ముట్టనివాళ్లున్నారు, పాలూ పళ్లూ తీసుకునేవాళ్లున్నారు, అన్నం మాత్రం మానేసి టిఫిన్ తినేవాళ్లూ ఉన్నారు. రోజా తెల్లవారుజాము నుంచి సూర్యాస్తమయం దాకా ఉంటుంది, నీళ్లు కూడా తాగరు. రోగులకూ, ప్రయాణంలో ఉన్నవాళ్లకూ మినహాయింపు ఉంటుంది. చిన్నపిల్లలకు అది విధి కాదు. సిక్కు కార్డును కావాలనే పెట్టాను. ఉపవాసం వల్ల పుణ్యం వస్తుందని సిక్కు మతం బోధించదు. అందరూ కలిసి కూర్చుని తినే లంగర్‌కు అక్కడ పెద్ద స్థానం ఉంది. అన్ని మతాలూ ఒకేలా ఉంటాయన్న ఊహకు ఆ ఒక్క కార్డు అడ్డుపడుతుంది.

"అన్ని మతాలూ చెప్పేది ఒక్కటే" అని మనలో చాలామంది మంచి మనసుతోనే అంటాం. కానీ అది కూడా ఒక నమ్మకమే. చాలామంది భక్తులు దాన్ని ఒప్పుకోరు. బడిలో దాన్ని పాఠంగా చెబితే, ఒక నమ్మకాన్ని పక్కన పెట్టి ఇంకో నమ్మకాన్ని ప్రచారం చేసినట్టే.

రెండో పీరియడ్‌లో కార్డులు మార్చుకుని పోల్చి చూస్తారు. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది మన భాష దగ్గర. తెలుగులో "మనం" అంటే వినేవాళ్లు కూడా అందులో ఉన్నట్టే. "మనం ఏకాదశికి ఉపవాసం ఉంటాం, వాళ్లు రోజా ఉంటారు" అన్నామంటే సగం క్లాసు లోపల, సగం బయట. ఈ మాట నా నోట ఎన్నిసార్లు దొర్లిందో ఒక రోజు పక్క టీచర్‌ను లెక్కపెట్టమన్నాను. ఒక్క పీరియడ్‌లో ఆరుసార్లు. ఇప్పుడు "వైష్ణవుల్లో చాలామంది", "కొందరు క్రైస్తవులు" అనే అంటాను. "దేవుడు ఇలా ఆజ్ఞాపించాడు" అనే బదులు "దేవుడు ఇలా ఆజ్ఞాపించాడని ముస్లింలు నమ్ముతారు" అంటాను. వాక్యం కాస్త పొడుగవుతుంది, కానీ ఆ నమ్మకం ఎవరిదో తేలిపోతుంది.

పిల్లలు తప్పకుండా రెండు ప్రశ్నలు అడుగుతారు. "ఏది నిజం టీచర్?" అంటే, "ఎవరు ఏం నమ్ముతారో, ఎలా పాటిస్తారో చదవడానికే ఈ పీరియడ్. ఏది నిజమో మీరు మీ ఇంట్లో, మీ మనసులో తేల్చుకోవాలి" అంటాను. "మీరేం నమ్ముతారు?" అంటే చెప్పను. మార్కులు వేసే మనిషి నమ్మకం తెలిస్తే పిల్లలు దానికి తగ్గట్టు జవాబులు రాస్తారు.

పాఠం తప్పుదారి పట్టిందో లేదో నోట్సులో తెలిసిపోతుంది. "ముస్లింలందరూ", "హిందువులందరూ" అన్న మాటలు ఎక్కువగా కనిపిస్తే కార్డుల్లో తేడాలు సరిగ్గా చెప్పలేదన్నమాట. అందుకే పరీక్షలో "ఏ ఉపవాసం కష్టం?" లాంటి ప్రశ్న ఇవ్వను. "ఒకే మతంలోని ఇద్దరు ఉపవాసాన్ని వేర్వేరుగా పాటించే ఉదాహరణ రాయండి" అని ఇస్తాను.

క్లాసులో ఒక పూట ఉపవాసం చేసి చూద్దామనీ, ప్రసాదమో ఖర్జూరమో పంచుదామనీ ఎవరైనా సలహా ఇస్తే వద్దనండి. అది తెలుసుకోవడం దాటి పాటించడం అవుతుంది. బయటినుంచి మతపెద్దను పిలవడం కూడా నేను మానేశాను. ఒకసారి వచ్చిన ఆయన చక్కగా మాట్లాడి, చివర్లో "అందరం కళ్లు మూసుకుని ప్రార్థిద్దాం" అన్నారు. ఆయన్ను ఆపడానికి నాకు నోరు రాలేదు.

చట్టం సంగతి హెడ్‌మాస్టర్ అడిగితే ఇలా చెప్పండి. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ చేయకూడదని రాజ్యాంగం 28వ అధికరణ చెబుతుంది. మతాల గురించి చదివించడం మతబోధ కిందికి రాదని సుప్రీంకోర్టు 2002లో అరుణా రాయ్ కేసులో చెప్పింది. లెసన్ ప్లాన్ నోట్‌బుక్‌లో ఈ రెండూ ఒక పేరాగా రాసి ముందే సంతకం చేయించుకోండి.

తల్లిదండ్రుల విషయానికొస్తే, కార్డుల నకళ్లు రెండు రోజుల ముందే ఇంటికి పంపండి. నా దగ్గరకు ఒక తండ్రి కోపంగానే వచ్చారు. పెంతెకొస్తు సంఘం ఆయనది. "క్రైస్తవులు ఈస్టరుకు ముందు నలభై రోజులు ఉపవాస కాలంగా పాటిస్తారు అని రాశారు, మా సంఘంలో అది లేదు టీచరమ్మా" అన్నారు. నిజమే. వాళ్లు ఉపవాస ప్రార్థనలు పెట్టుకుంటారు గానీ విభూది బుధవారంతో మొదలయ్యే ఆ నలభై రోజులను పాటించరు. నేను రాసింది కథోలికులకూ, మరికొన్ని సంఘాలకూ వర్తిస్తుంది. ఆయన ముందే పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేసి, ఆయన చెప్పిన రెండు వాక్యాలు కార్డులో రాసుకున్నాను. ఇప్పటికీ ఆ కార్డే వాడుతున్నాను.