కాఫీ గడియారం నీడచెట్టుతోనే మొదలవుతుంది

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. పాడేరు వైపు మీ నాన్న వదిలిన కొండవాలు భూమి రెండెకరాల్లో కాఫీ వేయాలనీ, వచ్చే ఏడు ఉద్యోగం మానేసి వచ్చేస్తాననీ రాశావు. కాఫీ వేయడం మంచి ఆలోచనే. ఉద్యోగం మానేసే తేదీ మాత్రం తప్పు. ఎందుకో వివరంగా చెబుతాను.

మూడేళ్లలో కాపు వస్తుందని ఎవరో చెప్పారని రాశావు. ఆ మూడేళ్లు కాఫీ మొక్క నాటిన రోజు నుంచి లెక్క. మన కొండల్లో అరబికా రకం కాఫీ మొక్కను నాటడానికి ముందే నీడ ఉండాలి. మీ భూమిలో ఒకప్పుడు పోడు చేశారు, పైన రెండు పనసచెట్లు తప్ప ఏమీ మిగల్లేదు. అంటే 2026 జూన్ వానలకు సిల్వర్ ఓక్ మొక్కలు పెట్టి, అవి మనిషికి రెండింతలయ్యాక, 2028 వానలకు కాఫీ పెట్టాలి. చేతికి చెప్పుకోదగ్గ పండు వచ్చేది 2031 నవంబరులో. నిండు కాపు చూసేది 2033 చివర్లో. ఇప్పుడు అంగన్‌వాడీకి వెళ్తున్న నీ కూతురు అప్పటికి ఐదో తరగతిలో ఉంటుంది. ఈ లెక్కను నీ భార్యతో కూర్చుని మాట్లాడు.

ఈ రెండేళ్లూ ఎగ్గొట్టవచ్చునని నేనూ ఒకప్పుడు అనుకున్నాను. సిల్వర్ ఓక్‌నూ కాఫీనీ ఒకే వర్షాకాలంలో నాటాను. మొదటి మూడేళ్లు మొక్కలు ముచ్చటగానే పెరిగాయి. ఐదో ఏట ఎండ తగిలే పడమటి అంచున ఆకులు పసుపు పచ్చగా వాలిపోయాయి. నీళ్లు చాలలేదనుకున్నాను. కాండం చుట్టూ బెరడు కింద తాడు చుట్టినట్టు ఉబ్బెత్తు గీతలు కనబడినా వాటి అర్థం నాకు తెలియదు. ఒకరోజు చేయి ఆనించగానే ఒక మొక్క ఫట్టున విరిగింది. లోపలంతా పొడి. అది తెల్ల కాండం తొలుచు పురుగు. ఆ తల్లి పురుగు ఎండ పడే కాండం మీది బెరడు పగుళ్లలోనే గుడ్లు పెడుతుంది. వెయ్యి మొక్కల్లో మూడు వందలకు పైగా పీకి కాల్చాను. మిగిలిన వాటి కాండాల మీది బెరడు గరుకును గోనెపట్టాతో రుద్ది, సున్నం పూసి కాపాడుకున్నాను. రెండేళ్లు మిగుల్చుకుందామని ఐదేళ్లు పోగొట్టుకున్నాను.

నీడంటే చీకటి కాదు. మధ్యాహ్నం నేల మీద ఎండా నీడా సగం సగంగా చుక్కలు చుక్కలుగా పడాలి. ఉన్న పనసలను కొట్టకు. సిల్వర్ ఓక్ ఆకు నెమ్మదిగా కుళ్లుతుంది కాబట్టి అడవి చెట్లు కొన్ని కలిసి ఉండడమే నేలకు మేలు. పన్నెండు అడుగులకు ఒక చెట్టు చొప్పున ఎకరాకు మూడు వందలు సరిపోతాయి. ఆ రెండేళ్లు ఖాళీ నేలలో రాజ్మా, పసుపు, అల్లం వేసుకో. ఆ నేల నుంచి అప్పుడు వచ్చే డబ్బు అదొక్కటే.

టీ గాని రబ్బరు గాని వేయకూడదా అని అడిగావు. టీ ఆకు మూడో ఏటి నుంచే కోయవచ్చు. కానీ దానికి ఏడాది పొడవునా వాన కావాలి, మనకు డిసెంబరు నుంచి మార్చి దాకా నేల ఎండిపోతుంది. పైగా కోసిన ఆకు ఆ రోజే ఫ్యాక్టరీకి చేరాలి. రబ్బరుకు గీత పెట్టాలంటే ఆరేడేళ్లు ఆగాలి, దానికి కావలసిన వేడీ తేమా మన ఎత్తులో దొరకవు. మన ఎండాకాలపు పొడి కాఫీకి మాత్రం పనికొస్తుంది. ఆ పొడిలో మొగ్గ నిద్రపోతుంది. మార్చిలోనో ఏప్రిల్‌లోనో ఒక అంగుళానికి తగ్గకుండా వాన పడితే తొమ్మిదో పదో రోజున తోటంతా మల్లెల్లా తెల్లబడుతుంది. మూడు నాలుగు వారాల్లో ఇంకో వాన పడితే పిందె నిలుస్తుంది. చిరుజల్లు మాత్రమే పడితే మొగ్గ సగం విచ్చి గులాబీ రంగుకు తిరిగి రాలిపోతుంది. అలాంటి ఏడు నీ కాపు సగానికి పడిపోతుంది. దానికి నువ్వు చేయగలిగింది లేదు. అందుకే ఒక్క ఏటి కాపును నమ్మి అప్పు చేయకూడదు.

నాటే పని గురించి రెండు మాటలు. గుంతలు ఏప్రిల్, మే నెలల్లోనే తవ్వు, ఒకటిన్నర అడుగు పొడవు, వెడల్పు, లోతు ఉండాలి. పైమట్టిని పెంటతో కలిపి పూడ్చు. నర్సరీ సంచిలో ఎక్కువ నెలలు ఉన్న మొక్క తల్లివేరు అడుగున మెలితిరిగి ఉంటుంది. సంచి అడుగున ఒక అంగుళం మేర కోసేసి, వంకర వేరును తీసి నాటు. ఇది చూడకుండా నాటిన మొక్క మూడేళ్లు బాగానే కనబడి, మొదటి కాపు బరువుకు ఎండాకాలంలో వాడిపోతుంది. అప్పటికి దిద్దుకునే దారి ఉండదు.

ఇప్పుడు డబ్బు. ఎకరాకు వెయ్యి మొక్కలు అనుకో. గుంతలకే ముప్పై అయిదు నుంచి నలభై కూలి దినాలు పడతాయి. ఆ తర్వాత ప్రతి ఏడూ కలుపు, పిలకలు తీయడం, చచ్చిన మొక్కల చోట కొత్తవి పెట్టడం ఉంటాయి. నిండు కాపుకు వచ్చాక ఓ మోస్తరు ఏట 750 కిలోల పండు కోస్తావు. పల్పింగ్ చేసి, అంటే పండు తోలు తీసి, పులియబెట్టి, కడిగి ఆరబెడితే 150 కిలోల పార్చ్‌మెంట్, అంటే పొట్టుతో ఉన్న ఎండు గింజ, మిగులుతుంది. కిలో 300 రూపాయలు అనుకుంటే 45,000. పండు కోతకు, మిగతా పనులకు కలిపి యాభై కూలి దినాలు అవుతాయి. రోజుకు 400 ఇచ్చి చేయిస్తే 20,000 పోయి 25,000 మిగులుతుంది. ఇంటిల్లిపాదీ చేసుకుంటే మొత్తం మీదే. ధర ఇంతకంటే ఎక్కువ పలికిన ఏళ్లున్నాయి. 2025 ఫిబ్రవరిలో ప్రపంచ మార్కెట్‌లో అరబికా పౌను నాలుగు డాలర్లు దాటింది. అయితే బ్రెజిల్‌లో పంట తగ్గడం దానికి పెద్ద కారణం, అక్కడ బాగా పండితే ఇక్కడ ధర దిగుతుంది. అందుకే ఎక్కువ ధర పెట్టుకుని లెక్క వేయలేదు.

సిల్వర్ ఓక్ కాండం లావెక్కాక మిరియాల తీగ పాకించు. అది మరో మూడు నాలుగేళ్లకు కాస్తుంది. కాఫీ తగ్గిన ఏడు నిన్ను నిలబెట్టేది ఆ మిరియాలే.

ఇంకొకటి తప్పకుండా చెప్పాలి. కాఫీ పెట్టిన రెండో ఏట, చేతిలో పైసా లేని రోజుల్లో, ఒక వ్యాపారి మీ ఇంటికి వచ్చి అడ్వాన్సు ఇస్తానంటాడు. నేను తీసుకున్నాను. పంట వచ్చాక అతను చెప్పిన ధరకే, అతని తూకానికే ఇవ్వాల్సి వచ్చింది. మొదటి రెండు కాపులూ అలాగే పోయాయి. ఉద్యోగం ఉంచుకోమనడానికి అసలు కారణం ఇదే. నీ జీతమే ఆ అడ్వాన్సు అవసరం లేకుండా చేస్తుంది.

కాబట్టి రెండెకరాలూ ఒకేసారి ముట్టుకోకు. తూర్పుకు వాలిన పై ఎకరంతో మొదలుపెట్టు. పడమటి దిగువ ఎకరాన్ని పసుపుకు, రాజ్మాకు ఉంచు. ఏడాదికి నాలుగు సార్లు సెలవు పెట్టి వస్తే మొదటి రెండేళ్ల పని నడుస్తుంది. మిగతా రోజులు మీ అమ్మ, నేను చూసుకుంటాం. మే చివరి వారంలో రా. దారం పట్టి సిల్వర్ ఓక్ వరుసలకు గూటాలు కొడదాం. మూడు వందల యాభై మొక్కలకు నర్సరీలో చెప్పి ఉంచుతాను, యాభై అదనం చచ్చిన వాటి చోట పెట్టడానికి.

ఇట్లు,
నీ మేనమామ