హుండీ ఆదాయం, పెట్రోలు ధర: కలిసి పెరిగితే కారణమైనట్టేనా?

తిరుమల హుండీ ఆదాయం, పెట్రోలు ధర ఇరవై ఏళ్లుగా కలిసే పెరిగాయి. ఒకదాని వల్లే రెండోది పెరుగుతోందని చెప్పవచ్చా?

చెప్పలేం. రెండింటినీ రూపాయల్లోనే కొలుస్తున్నాం, ధరలన్నీ పెరిగే కాలంలో అవీ పెరుగుతాయి. 1974లో గ్రాంజర్, న్యూబోల్డ్ అనే ఆర్థికవేత్తలు ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేని అంకెల వరుసలను కంప్యూటర్‌తో తయారుచేసి పోల్చారు. చాలాసార్లు గట్టి సంబంధం ఉన్నట్టే ఫలితం వచ్చింది! కాలంతో పాటు ఒకవైపు జరుగుతూ పోయే వరుసలతో వచ్చే చిక్కు ఇదే.

అందుకే మొత్తాలను కాక, ఏటేటా వచ్చిన మార్పును పోల్చండి. 2020 మార్చిలో కరోనా వల్ల తిరుమలలో దర్శనాలు ఆగాయి. 2020-21లో హుండీ ఆదాయం బాగా పడిపోయింది, పెట్రోలు ధర మాత్రం పెరిగింది. ఇరవై ఏళ్ల గీతలు దాచిన సంగతిని ఆ ఒక్క ఏడాది బయటపెడుతుంది.

మార్పులు కలిసినా తొందరపడకూడదు. మే నెలలో తిరుపతిలో లాడ్జి గదులకు గిరాకీ, మామిడిపండ్ల అమ్మకం రెండూ పెరుగుతాయి. గదులు నింపేది బడి సెలవులు, పండ్లు తెచ్చేది రుతువు. రెండూ వేసవిలోనే వస్తాయి. మామిడి కాపు దెబ్బతిన్న ఏడాది గదులు ఖాళీగా ఉన్నాయా అని చూడండి.