పొద్దున్న చలికి సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే: బ్యాటరీయా, మోటారా?

ప్రశ్న: మాది విజయనగరం. ఈ చలికి పొద్దున్నే కారు సెల్ఫ్ మెల్లగా తిరుగుతోంది గానీ ఇంజిన్ అందుకోవడం లేదు. బ్యాటరీ మార్చాలా, సెల్ఫ్ మోటారే పోతోందా?

ముందే బ్యాటరీ కొనకండి. నేను కొని నష్టపోయాను.

మాది ఆమదాలవలస. సంక్రాంతి ముందు నా పెట్రోల్ కారుకి ఇదే జబ్బు చేసింది. తెలిసిన మెకానిక్ చూసి బ్యాటరీయే అన్నాడు, మార్చేశాను. పది రోజులు కాస్త హుషారుగా తిరిగి మళ్ళీ మొదటికొచ్చింది. అప్పుడు మల్టీమీటర్ తెచ్చుకున్నాను.

రాత్రంతా ఆగిన కారుకి, పొద్దున్న తాళం తిప్పకముందే బ్యాటరీ వోల్టేజ్ చూడండి. 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సుమారు సగం. 12 కన్నా తక్కువుంటే ముందు చార్జింగ్ పెట్టించండి, అంతవరకు మోటార్ మీద తీర్పు చెప్పలేం.

తర్వాత కారు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంట్లో ఎవరినైనా నాలుగైదు సెకన్లు సెల్ఫ్ కొట్టమనండి. మీరు మీటర్ చూడండి. మీటర్ వైర్లు ఫ్యాన్ బెల్ట్‌కి దూరంగా ఉండాలి. వోల్టేజ్ 9.6 కన్నా కిందికి పడిపోతే అనుమానం బ్యాటరీ మీదే. అసలు మన ఊళ్ళ చలికి బాగున్న బ్యాటరీ అంతలా కుంగదు, అప్పటికే అరిగినదే ఇలా బయటపడుతుంది.

నాది 12.5 నుంచి 11.2 దాకానే దిగింది, సెల్ఫ్ మాత్రం ఈడుస్తూనే ఉంది. అంటే బ్యాటరీ ఇవ్వగలదు, అవతల కరెంటు తీసుకునేవాడే లేడు. అలాంటప్పుడు మోటార్‌నే అనకూడదు, దారిలో వైర్లు కూడా ఉన్నాయి. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ ప్లస్ పోల్‌కీ మోటార్ మీద లావు కేబుల్ బోల్టుకీ మధ్య కొలిచాను: 0.2. మైనస్ పోల్‌కీ ఇంజిన్ బాడీకీ మధ్య 0.1. ఇవి అర వోల్టు దాటితే తుప్పు పట్టిన టెర్మినలో, వదులైన ఎర్త్ వైరో కారణం. సముద్రం పక్క ఊళ్ళలో ఇది మామూలే. నా వైర్లు బాగానే ఉన్నాయి కాబట్టి మిగిలింది మోటారే. ఆటో ఎలక్ట్రీషియన్ విప్పితే కార్బన్ బ్రష్‌లు అరిగి స్ప్రింగ్‌కి అందనంత చిన్నవైపోయాయి. బ్రష్‌లూ బుష్‌లూ మార్చాక ఆ చలికాలమంతా ఒక్క తిప్పుకే అందుకుంది.

ఒక్కచోట మాత్రం మీటర్ మోసం చేస్తుంది. మోటార్‌లో బుష్ అరిగి ఆర్మేచర్ లోపల రాసుకుంటుంటే అది కరెంటు విపరీతంగా లాగేస్తుంది. మంచి బ్యాటరీ కూడా 9 వోల్టులకి పడి, చచ్చిన బ్యాటరీలాగే కనిపిస్తుంది. అప్పుడు వేరే కారు నుంచి జంపర్ కేబుల్స్ పెట్టి చూడండి. చురుగ్గా తిరిగితే బ్యాటరీ, అయినా అదే నీరసమైతే మోటార్. కేబుల్స్ లావుగా ఉండాలి. చవకరకం సన్నవాటితో పెడితే మంచి మోటార్ కూడా పోయినట్టే కనిపిస్తుంది.