వర్ధంతి నాడు స్నేహితురాలికి రాసే మాట

సందేహం: నా స్నేహితురాలి అమ్మగారు పోయి వచ్చే గురువారానికి ఏడాది. ఆవిడని నేను పిన్నీ అని పిలిచేదాన్ని. కాలేజీ రోజుల్లో ఆదివారం భోజనం నాకు వాళ్లింట్లోనే. ఆ రోజు పంపడానికి ‘మీ మాతృమూర్తి ప్రథమ వర్ధంతి సందర్భంగా నా ప్రగాఢ సానుభూతి. వారి ఆత్మకు శాంతి చేకూరాలని ప్రార్థిస్తున్నాను’ అని రాసుకున్నాను. వర్ధంతి అంటే పెరగడం, ఆ మాటే తప్పు అంటున్నారు మావారు. నాకేమో మొత్తం చదువుకుంటే నా మాటల్లా అనిపించడం లేదు. ఎలా రాయమంటారు?

సమాధానం: ముందు మీవారి అభ్యంతరం సంగతి చూద్దాం. మూలం దగ్గర ఆయన చెప్పింది నిజమే. వృద్ధి, వర్ధనం, అభివృద్ధి ఏ ధాతువు నుంచి వచ్చాయో వర్ధంతి కూడా అక్కడిదే. జయంతికి ‘జయించేది’ అని ఎలా అర్థం వస్తుందో, వర్ధంతికి ‘పెరిగేది’ అని అలా వస్తుంది. పక్కనున్న కన్నడంలో ఈ మాటకు ఇప్పటికీ మంగళకరమైన అర్థమే ఉంది. మైసూరు మహారాజుల వర్ధంతి అంటే వాళ్ల పుట్టినరోజు. గుడి ప్రతిష్ఠ జరిగిన రోజును ఏటా పండగలా చేసుకుంటే అదీ వర్ధంతే. బెంగళూరులో ఉండే తెలుగువాళ్లు కన్నడం ఆహ్వానపత్రికలో ఈ మాట చూసి ఉలిక్కిపడనక్కర్లేదు.

తెలుగులో మాత్రం ఈ మాట పూర్తిగా పోయిన రోజు వైపు తిరిగింది. డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారి వర్ధంతి, జనవరి 18న ఎన్టీఆర్ వర్ధంతి అంటే ఎవరికీ అనుమానం రాదు. పుట్టిన రోజు జయంతి, పోయిన రోజు వర్ధంతి అని తెలుగువాళ్లం గట్టిగా విడదీసుకున్నాం. అర్థం ఇలా ఎందుకు తిరిగిందంటే, నాకు తోచే కారణం మన ఇళ్లలోనే ఉంది. డబ్బాలో బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటాం. దీపం ఆరిపోతే ‘కొండెక్కింది’ అంటాం. నల్లపూసల దండ తెగితే పెద్దవాళ్లు తెగిందని అనరు, ‘పెరిగింది’ అంటారు. అశుభాన్ని శుభమైన మాటతో కప్పి చెప్పే అలవాటు అది. పోయిన రోజును ‘పెరిగేది’ అనడం ఆ కోవలోదే అని నా అభిప్రాయం. కాబట్టి తెలుగులో వర్ధంతి తప్పు కాదు. మూలార్థం పట్టుకుని దాన్ని తీసేస్తే, రేపు ‘బియ్యం నిండుకున్నాయి’ అన్న మాటనూ తీసేయాలి.

అయితే ఒప్పైన మాటలన్నీ మీ ఉత్తరంలో ఇముడుతాయని కాదు. వర్ధంతి వేదిక మీది మాట. విగ్రహానికి దండ వేసేటప్పుడు, బ్యానర్ కట్టేటప్పుడు, పేపర్లో ఫొటో వేయించేటప్పుడు అది సరిగ్గా సరిపోతుంది. ఇంట్లో కూతురు ‘రేపు మా అమ్మ వర్ధంతి’ అనడం చాలా తక్కువ. ‘రేపటికి అమ్మ పోయి ఏడాది’ అంటుంది, లేదా ‘అమ్మ సంవత్సరీకం’ అంటుంది. కొన్ని ఇళ్లలో ఆబ్దికం అంటారు. అబ్దం అంటే సంవత్సరం, అందులోంచి వచ్చింది. క్రైస్తవ కుటుంబాల్లో జ్ఞాపకార్థ కూడిక అంటారు. ఆ ఇంట్లో ఏ మాట నడుస్తుందో మీకు తెలిస్తే అదే వాడండి. తెలియకపోతే ‘పిన్ని పోయి ఏడాది’ అనేది ఏ ఇంటికైనా సరిపోతుంది.

ఒక్క తద్దినం దగ్గర మాత్రం జాగ్రత్త. తత్ + దినం, ‘ఆ రోజు’ అని అంతే దాని అర్థం. ఇంత నిర్మలమైన మాట మరొకటి ఉండదు. కానీ ‘కోరి తద్దినం తెచ్చిపెట్టుకున్నాను’ అని విసుగులోనూ, తిట్టులోనూ వాడి వాడి దాన్ని గరుకు చేసేశాం. సొంత తల్లి గురించి కూతురు అంటే అందులో బాధ వినిపిస్తుంది. అదే మాట బయటివాళ్లు ముందుగా అంటే మోటుగా వినిపిస్తుంది. ఏడాది అన్న మాట పక్కన ‘పూర్తి చేసుకుంది’ లాంటి క్రియ కూడా రానివ్వకండి. అది షాపు వార్షికోత్సవానికో, సినిమా వందరోజులకో వాడేది. ‘ఏడాది అయింది’ చాలు.

ఇక సానుభూతి, ఆత్మశాంతి. ఈ రెండూ కబురు తెలిసిన రోజువి. మీరు ఏడాది కిందటే ఆ మాటలు చెప్పే ఉంటారు. ఇప్పుడు మళ్లీ చెబితే ఆ కబురు మీకు ఇవాళే తెలిసినట్టు ఉంటుంది. పైగా సానుభూతి అంటే ‘కలిసి అనుభవించడం’ అని పుట్టిన మాటే అయినా, ఇప్పటి వాడుకలో అది పైనున్నవాళ్లు కిందివాళ్ల మీద చూపించేదిగా మారింది. ముందు ‘ప్రగాఢ’ చేరితే ఇక పూర్తిగా ప్రకటన భాషే. పిన్ని చేతి అన్నం తిన్న మనిషి పిన్ని కూతురికి సానుభూతి తెలియజేయడం ఏమిటి? పోయింది మీ మనిషి కూడా కదా.

మీ మాటల్లా అనిపించకపోవడానికి అసలు కారణం కూడా అక్కడే ఉంది. మీరు పిన్ని అని పిలిచిన మనిషిని ఉత్తరంలో ‘మీ మాతృమూర్తి’ చేశారు. తెలుగులో స్నేహితుల అమ్మానాన్నలకు వరస కలుపుతాం; పిన్ని, అత్తయ్య, బాబాయి, పెదనాన్న, ఈమధ్య ఆంటీ, అంకుల్. బతికున్నన్నాళ్లూ ఏ వరసతో పిలిచారో పోయాక కూడా అదే ఉండాలి. ‘మాతృమూర్తి’ అనగానే ఆవిడ ఆమెకొక్కదానికే తల్లి అయిపోయి, మీరు గుమ్మం బయట నిలబడిపోతారు. క్రియ కూడా దాన్ని బట్టే. పిన్నిగారూ అనేవాళ్లు ‘గుర్తొచ్చారు, అనేవారు’ అని రాస్తారు. గారు లేకుండా పిన్నీ అని పిలిచిన మీరు ‘గుర్తొచ్చింది, అనేది’ అని రాయండి. అమ్మని ‘వచ్చింది, తిట్టింది’ అనే చనువే ఇది, అగౌరవం కాదు. గోదావరి వైపు కొన్ని ఇళ్లలో అమ్మకు కూడా ‘వచ్చారు’ అంటారు. మీ స్నేహితురాలు వాళ్లమ్మను ఎలా అనేదో గుర్తు తెచ్చుకుంటే మీకు తెలిసిపోతుంది.

మీ చిత్తులో లేదు కానీ ఇలాంటి చోట చాలామంది రాసేది ఇంకొకటి ఉంది: ‘ఆవిడని చాలా మిస్ అవుతున్నాను’. మిస్ అవడం ఇప్పుడు తెలుగు మాటే, నేనూ అంటాను. కానీ దాని పక్కన మన సొంత కట్టుబడి పెట్టి చూడండి: ‘నాకు పిన్ని గుర్తొచ్చింది’. మొదటి వాక్యంలో కర్త నేను, మిస్ అయ్యే పని నాది. రెండో వాక్యంలో కర్త పిన్ని. నా దగ్గరికి వచ్చింది ఆవిడే. ఆకలేసింది, చలేసింది అన్నట్టే జ్ఞాపకం కూడా మనం పిలవకుండా తనంతట తాను వస్తుందని మన వ్యాకరణంలోనే ఉంది. అమ్మ పోయిన ఇంటికి పంపే ఉత్తరంలో ఆ వాక్యం ఎక్కువ దగ్గరగా ఉంటుంది. అయితే ‘గుర్తొచ్చింది’ ఒంటరిగా నిలబడదు. ఎప్పుడు, ఏం చేస్తుంటే గుర్తొచ్చిందో చెప్పాలి.

మా నాన్నగారు పోయిన ఏడాదికి నాకు చాలా సందేశాలు వచ్చాయి. సగం దీపం బొమ్మలు, సగం ‘తీరని లోటు’లు. పాత స్నేహితుడొకడు మాత్రం, ‘పొద్దున సైకిలు తుడుస్తుంటే నాన్నగారు గుర్తొచ్చారు. చైనుకి నూనె ఎక్కువ వెయ్యకురా, మట్టి పడుతుంది అనేవారు’ అని రాశాడు. ఆ మాట నాన్న వాడితో అన్నట్టు నాకు అంతవరకు తెలియదు. ఏడాది తర్వాత నాన్నది ఇంకో మాట నాకు దొరికింది. ఆ సందేశం ఇప్పటికీ ఫోన్‌లో ఉంచుకున్నాను.

ఇక ముగింపు. ‘బాధపడకు’, ‘ధైర్యంగా ఉండు’ అని రాయాలనిపిస్తుంది. రూపం చూస్తే ఒకటి నిషేధం, రెండోది ఆజ్ఞ. ప్రేమగా చెప్పినా సరే, ఆమె చెయ్యాల్సిన పని ఒకటి ఆమె నెత్తిన పెడుతున్నాం. దాని బదులు తెలుగులో ‘అక్కర్లేదు’ అనే చక్కటి మాట ఉంది. ‘జవాబివ్వొద్దు’ అంటే ఆపినట్టు, ‘జవాబివ్వక్కర్లేదు’ అంటే బరువు దించినట్టు. ఆ రోజు ఆమెకు ఫోన్లు ఎక్కువ వస్తాయి కాబట్టి మీ నుంచి ఆ మాట ఉండాలి.

ఇవన్నీ కలిపితే నా లెక్కలో ఇలా వస్తుంది:

‘ఇవాళ్టికి పిన్ని పోయి ఏడాది. పొద్దున్న లేవగానే నువ్వే గుర్తొచ్చావు. మొన్న ఆదివారం ముద్దపప్పు కలుపుకుంటుంటే పిన్ని గుర్తొచ్చింది. నెయ్యి వేసుకోవే, మొహమాటమేంటి అంటూ నేను వద్దంటున్నా ఇంకో గరిటె వేసేది కదా. జవాబివ్వక్కర్లేదు. మాట్లాడాలనిపిస్తే ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి.’

ముద్దపప్పు, నెయ్యి నేను ఊహించి పెట్టినవి. అక్కడ మీ పిన్ని నిజంగా అన్న మాట, నిజంగా పెట్టిన కూర రావాలి. అది ఆమె వంటింట్లో అన్న యాసలోనే రాయండి, పుస్తక భాషలోకి దిద్దకండి.

పంపే రోజు గురించి ఒక్క మాట. మీరు లెక్కపెట్టింది తారీఖు. కర్మ చేసేది తిథి ప్రకారం. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులే కాబట్టి తిథి మామూలుగా 10, 11 రోజులు ముందే వచ్చేస్తుంది. మధ్యలో అధికమాసం పడితే తారీఖు దాటాక 18, 19 రోజులకు వస్తుంది. అంటే గురువారం నాటికి ఆ ఇంట్లో సంవత్సరీకం అయిపోయి ఉండొచ్చు, లేదా ఇంకా రావలసి ఉండొచ్చు. అందుకే పై సందేశంలో ‘ఇవాళ సంవత్సరీకం కదా’ అని రాయలేదు. ‘పోయి ఏడాది’ అన్నది తారీఖు లెక్కలో ఎప్పుడూ నిజమే. ఒకవేళ ఆమె తిరిగి రాస్తూ ‘మొన్ననే అమ్మ తద్దినం పెట్టాం’ అంటే, అప్పటి నుంచి ఆ మాట మీరూ అనొచ్చు.